లేని గీజరుకు పాసు మార్కులు

ఢిల్లీబాబు అన్న రాసిన రిపోర్టు చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అలిపిరి దారిలో శకుంతలమ్మగారి కొత్త లాడ్జికి రేపే ప్రారంభం. వైరింగు ఆయనది. పరీక్షించి సంతకం పెట్టాల్సింది నేను. సూపర్‌వైజర్ లైసెన్సు వచ్చాక నా పేరుతో వెళ్లే తొలి రిపోర్టు ఇది. తేడా వస్తే పట్టుకునేది నన్నే.

"అన్నా, పన్నెండు లైన్లకీ ఇన్సులేషన్ రెండు వందల మెగా ఓమ్‌లేనా?"

"పని అట్లుండాదమ్మా లోకేశ్వరీ. ఒకటి వస్తే పాసు. నేను రెండు నూర్లు ఇచ్చినాను."

"తొమ్మిదో లైను గీజరు. ఎర్తు కంటిన్యుటీ సున్నా పాయింట్ మూడు, పొలారిటీ సరి. భేష్. ఆ గీజరు యాడుండాది, సూపించు."

ఆయన తల గోక్కున్నాడు. శకుంతలమ్మగారు గీజర్లు వద్దని సోలారు పెట్టించి నెలయింది. ఆ వైరే లాగలేదు.

"పోయిన లాడ్జి కాగితం సూసి రాసినాను," అన్నాడు మెల్లగా.

ఆ కాగితం పక్కన పడేసి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ ఆయన చేతికే ఇచ్చాను. మెయిన్ ఆపి, బల్బులన్నీ తీయించాను. ఐదు వందల వోల్టులతో ఒక్కో లైనూ కొలిచాం. ఒకదానికి ఎనభై, ఒకదానికి నూట నలభై, బాత్‌రూం లైనుకు పన్నెండు. అన్నీ ఒకటికి పైనే. ఎర్తు వైరు ఎక్కడా ఒక ఓమ్ దాటలేదు. ఆయన ముఖం వెలిగింది.

"సూస్తివా? నేను రాసిందానికీ దీనికీ ఏం తేడా? రెండూ పాసే గదా."

"పొలారిటీ మిగిలుంది. కరెంటు వచ్చే ఫేజు వైరు స్విచ్చి గుండానే పోతాందో లేదో సూడాల, పద."

మెయిన్ వేశాం. ఏడో నంబరు గదిలో ఆయన భార్య తాయమ్మ స్టూలెక్కి తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు తుడుస్తోంది. ఈ లాడ్జిలో ఊడ్చే పని ఆమెకు దొరికి వారం కాలేదు. రెక్కలయ్యాయి, గోడ మీది ఖాళీ హోల్డరు వైపు గుడ్డ చాపింది.

"దిగు తాయమ్మా," అన్నాను.

"స్విచ్చి ఆపే ఉండాది లేమ్మా," అన్నాడు ఢిల్లీబాబు.

ఆమె దిగాక ఆయన్నే స్టూలెక్కించాను. స్విచ్చి ఆపే ఉంది. హోల్డరు పిన్నుకు టెస్టరు ఆనించాడు. వెలిగింది. స్విచ్చికి ఫేజు పోవాల్సిన చోట న్యూట్రల్ ఇచ్చాడు. స్విచ్చి వేస్తే బల్బు వెలుగుతుంది, ఆపితే ఆరుతుంది. కరెంటు మాత్రం హోల్డరు దాకా వచ్చి అక్కడే ఉంటుంది.

ఆయన స్టూలు మీదే కూర్చుండిపోయాడు.

మెయిన్ ఆపి తానే వైర్లు మార్చాడు. మళ్లీ పరీక్షించాం, సరిగా వచ్చింది.

"ఏడో నంబరు ముందు ఫెయిలయిందని రాయి. తర్వాత పాసని రాయి. చేసింది నేనని నా పేరు కూడా రాయి," అన్నాడు.

తాయమ్మ గుడ్డ పిండుకుంటూ మొగుణ్ని ఎగాదిగా చూసింది. "పెండ్లయి ఇరవై ఏండ్లాయ. తప్పు నాదని ఈయన నోట ఇయ్యాలే ఇన్నాను. అది కూడా కాగితం మీద పెట్టమ్మా."