అరనిమిషం తేడా

మార్కాపురం మిషన్ హైస్కూలు డ్రిల్లు మాస్టరు సుందరరాజుకు రెండేళ్ల కాగితాలు ఒకచోట పెట్టి చూసే అలవాటు లేదు. ఆ రోజు చూశాడు.

నిరుడు, 1940లో, ఆ స్కూలు మైదానంలోనే డెకాథ్లాన్ పోటీ జరిగింది. రెండు రోజులు, పది అంశాలు. ఒక్కో అంశంలో సాధించిన కాలానికో దూరానికో పట్టికలో ఎన్ని పాయింట్లుంటే అన్ని వేసి, పదీ కూడితే వరుస తేలుతుంది. మొదటి ఇద్దరే పై పోటీలకు మద్రాసు వెళతారు. లెక్క కట్టింది సుందరరాజే.

రాచర్లలో కూలిపని చేసుకునే ఏబేలు ఆయన పాత శిష్యుడు. నూరు మీటర్లు 11.2 సెకన్లలో పరుగెత్తి 787 తెచ్చుకున్నాడు. చివరిదైన పదిహేను వందల మీటర్లలో మాత్రం 5 నిమిషాల 11 సెకన్లని రాశారు. దానికి పట్టికలో 354. మొత్తం 4,901 దగ్గర ఆగాడు. బేస్తవారిపేట బ్రహ్మానికి 4,962. అరవై ఒక్క పాయింట్ల తేడాతో బ్రహ్మం రెండోవాడై మద్రాసు పోయాడు.

పోటీ ముగిసిన ఆ సాయంత్రం సుందరరాజు ఇద్దరి అంకెలూ పక్కపక్కన రాసి, అంశానికి అంశం తీసివేసి చూపించాడు.

"ఈడ చూడు ఏబేలూ. తక్కినయ్యన్నీ అటూ ఇటూ ఉండాయి. ఈ పరుగులోనే నీ పాయింట్లు కారిపోతా ఉండాయి. ఏడాదంతా దీన్నే పట్టుకో."

ఏబేలు కాగితం వంక చూసి, "అట్లనే మాస్టరుగారూ" అన్నాడు.

ఏడాదంతా దాన్నే పట్టుకున్నాడు. పొద్దున్నే గిద్దలూరు బాటన పరుగు, తర్వాత కూలి, పని దిగాక మళ్లీ పరుగు. మిగిలిన అభ్యాసాలకు ఒంట్లో సత్తువ మిగల్లేదు. ఈ ఏడు పోటీలో వెదురుగడ ఊని దూకే పోల్‌వాల్ట్‌కు వచ్చేసరికి మొదటి ఎత్తే దాటలేకపోయాడు. మూడుసార్లూ అడ్డబద్ద కింద పడింది. ఆ అంశానికి సున్నా. పదిహేను వందలు 4 నిమిషాల 36లో పరుగెత్తినా ఆరో స్థానంలోకి జారిపోయాడు. ఆ సాయంత్రమే ఊరికి పోయాడు.

సుందరరాజుకు ఆ 4-36 మనసులో నలిగింది. ఒక్క ఏడాదిలో ముప్పై అయిదు సెకన్లు తగ్గుతాయా? అందుకే పాత కట్ట విప్పాడు.

ముగింపు గీత దగ్గర నిలబడిన ఉపాధ్యాయుడు రాసిన చీటీ దొరికింది. ఎవరి వెనక ఎవరు వచ్చారో అందులో ఉంది. రెండు ఏబేలు, మూడు బ్రహ్మం. వేరొకరు మరో గడియారంతో పట్టిన బ్రహ్మం కాలం 4 నిమిషాల 44.

వెనక వచ్చినవాడికి 4-44 అయితే, ముందు వచ్చినవాడికి 5-11 ఎట్లా అవుతుంది?

ఏబేలు పరుగుకు గడియారం పట్టింది తానే. స్కూలు స్టాప్‌వాచీలో పెద్దముల్లు ఒక చుట్టు తిరిగితే అరనిమిషమే. నిమిషాలు చూపే చిన్నముల్లు నాలుగున్నర దాటి ఉండగా తాను అయిదు దాటిందనుకుని ఉండాలి. ఆ అరనిమిషం తీసేస్తే అసలు కాలం 4-41. పట్టిక తీసి ఆ గడిలో వేలు పెట్టాడు. నూరుకు పైగా పాయింట్లు పెరిగాయి. మద్రాసు పోవలసినవాడు ఏబేలు. పరుగులో అతనికి లోటే లేదు. లేని లోటు పూడ్చడానికి ఏడాది కాళ్లరగదీశాడు.

మరునాడే రైలెక్కి గిద్దలూరులో దిగి, నడిచి రాచర్ల పోయాడు. ఏబేలు తల్లి సామ్రాజ్యం అరుగు మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. కొడుకు చేను నుంచి వచ్చాడు. సుందరరాజు చీటీ అతని చేతిలో పెట్టి, జరిగింది దాచకుండా చెప్పాడు.

ఏబేలు చీటీ చదివి మడిచాడు.

"నాకు తెలుసు మాస్టరుగారూ. బ్రహ్మం నా ఎనకాలే వచ్చినాడు. వాడి రొప్పు నా చెవుల్లో వినపడింది."

"మరి ఆ పొద్దు చెప్పలేదేందిరా?"

"మీరు గడియారం చూసి రాసినారు. గడియారం కంటే నా చెవి ఎక్కువా అనుకొన్నా."

సామ్రాజ్యం కొంగుతో కళ్లు ఒత్తుకుని, "బిడ్డ అన్నం గూడా సరిగా తినకుండా ఉరికినాడయ్యా" అంది. కోపంగా కాదు. కోప్పడి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

"పోటీల కమిటీకి రాస్తా. తప్పు నాదేనని రాస్తా" అన్నాడాయన.

"రాయండి. కానీ నేనింక రాను. ఈ పరుగుల్లో పడి ఇంటికొచ్చే కూలి సగమైపోయింది."

ఆయన రాశాడు. ప్రకటించిన వరుస మార్చే వీలు లేదని నెల తర్వాత రెండు వాక్యాల జవాబు వచ్చింది. అయినా సుందరరాజు రిజిస్టరు తీసి, 354ను కొట్టేసి సరైన అంకె వేశాడు. మొత్తం మళ్లీ కూడి, బ్రహ్మం పేరు మీద మూడు, ఏబేలు పేరు మీద రెండు వేసి, పక్కన తన సంతకం చేశాడు. ఆ పుట తిప్పి చూసేవాళ్లు ఎవరూ లేరు.