పారుడు రోగం

సోమవారం ప్రజావాణిలో బీరయ్య వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. సూర్యాపేట కలెక్టరేట్ హాల్లో అదనపు కలెక్టర్ మేడం ముందు నిలబడి, అర్జీ ఇవ్వడం మరిచిపోయి, రెండు చేతులూ జోడించాడు.

"ఊరంత కలిపి ముప్పై ఎనిమిది గొర్లు సచ్చినయమ్మా. మా ఊళ్లె తొట్టి నీళ్లు తాగినకాడికెళ్లి పడుడు మొదలైంది. నా ఒక్కనియే గాదు, ఊరందరియి పోతున్నయ్."

ఊరు బొల్లికుంట, కోదాడ పక్కన. మేడం అర్జీ మీద రెండు ముక్కలు రాసి, అధికారుల వరుసలోకి చూసింది.

"పరశురాములు గారూ, ఆ మండలానికి ప్రత్యేకాధికారి మీరే కదా? తాగునీటి శాఖ, పంచాయతీ, రెవెన్యూ, ఆరోగ్యం, పోలీసు, మీ శాఖ... అందర్నీ కూర్చోబెట్టి కారణం తేల్చండి. మీ మాటే ఫైనల్."

పరశురాములు జిల్లా పశుసంవర్ధక అధికారి. గొర్ల కాపరుల ఇంట పుట్టి, పశువైద్యం చదివి, ముప్పై ఏళ్ల సర్వీసు చేసినవాడు. జిల్లాలో ఒక్కో పెద్ద అధికారికి ఒక్కో మండలం అప్పగించినప్పుడు, ఆయనకు కోదాడ దిక్కు మండలం వచ్చింది. ఒకరి మీద ఒకరు నెట్టుకునే శాఖలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి పని చేయించగలడని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకు ఇష్టం కూడా.

మర్నాడు పొద్దున్నే బొల్లికుంటలో జీపు దిగాడు. యాసంగి కోతలు అయిపోయి, కాలువలో నీళ్లు ఆగిపోయి, ఎండ అప్పుడే మండుతోంది. బీరయ్య దొడ్లో ఒక గొర్రె మూతి ఎత్తి చూశాడు. పెదవుల లోపల, చిగుళ్ల మీద పుళ్లు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి. తోక కింద అంతా విరేచనాల పారుడు. రెండో గొర్రె చూశాడు, మూడోది చూశాడు. నాలుగోది చూడనక్కర్లేకపోయింది. అది నీళ్ల వల్ల వచ్చింది కాదు. ఒక జీవం నుంచి ఇంకో జీవానికి గాలిలో పాకే పారుడు రోగం. కానీ ఈ ఊరి గొర్లన్నిటికీ మార్చిలోనే టీకాలు వేసినట్టు ఆయన కార్యాలయం లెక్క పంపింది.

స్థానిక పశువైద్యుడు మహేశ్వర్ ఆయన్ను జీపు వెనక్కి తీసుకెళ్లాడు. మహేశ్వర్‌కి ఆపరేషన్ కత్తి పట్టడం నేర్పింది పరశురాములే.

"సార్, మార్చిలో మా ఆస్పత్రి ఫ్రిజ్ పూర్తిగ ఆగిపోయింది. రెండు రోజులు టీకామందు వేడికే ఉంది. నాకు తెల్సు, పనిచెయ్యదని తెల్సు. కానీ నెలాఖరు, టార్గెట్ మీద మీ ఆఫీసు నుంచి రోజూ ఫోన్లు. వేసేసినం సార్."

"ఫ్రిజ్ సంగతి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?"

మహేశ్వర్ తల దించుకున్నాడు. "సరిగ పనిచేస్తలేదని జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి లెటర్ పెట్టిన సార్. మీ దగ్గర్నే ఉన్నయ్."

ఆ ఉత్తరాలు పరశురాములుకు గుర్తొచ్చాయి. మరమ్మతుల ఫైల్లో, తర్వాత చూద్దామని పక్కన పెట్టినవి.

జీపు వెనక నుంచి ఇవతలికి వచ్చేసరికి అందరూ ఆయన కోసమే ఎదురుచూస్తున్నారు. తహసీల్దారు, తాగునీటి శాఖ ఇంజనీరు, ఎస్సై, ఆరోగ్య కేంద్రం డాక్టరు. కొంచెం ఎడంగా, రిజిస్టర్లు గుండెకు హత్తుకుని పంచాయతీ కార్యదర్శి లత. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. ఆ ఊరి పశువుల నీళ్లతొట్టి నింపించే బాధ్యత ఆమెదే.

"ఏమంటారు సార్, ఏం రోగం?" అన్నాడు తహసీల్దారు.

ఒక్క మాట చాలు. పారుడు రోగమని ప్రకటిస్తే మందలు ఊరు దాటకుండా పోలీసు, రెవెన్యూ కాపలా పెడతారు. చుట్టుపక్కల ఊళ్లలో బాగున్న గొర్లకు మంచి టీకా వేస్తారు. పక్క జిల్లాకు కబురు వెళ్తుంది. కానీ ఆ వెంటనే 'టీకా వేశాం అన్నారుగా?' అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న విని ఇంజనీరు నవ్వబోయే నవ్వు ఇప్పుడే కనిపించినట్టయింది ఆయనకు. ఎన్ని మీటింగుల్లో ఈ ఇంజనీరు చేత తప్పు ఒప్పించాడో ఆయనకే లెక్క లేదు.

"శాంపిళ్లు హైదరాబాద్ ల్యాబ్‌కి పంపిద్దాం. రిపోర్ట్ వచ్చేదాకా ఏదీ చెప్పలేం," అన్నాడు. "ఈలోపు నీళ్ల సంగతి తేల్చండి."

ఏ మాటా అబద్ధం కాదు. అదే ఆయన్ను ఆ రోజంతా కాపాడింది.

ఇంజనీరు పైపు నీళ్లు పరీక్ష చేయించి బాగున్నాయని కాగితం తెచ్చాడు. ఇక మిగిలింది తొట్టి. తొట్టి అడుగున నాచు ఉంది. లత రిజిస్టర్ తెరిచి చూపించింది.

"బ్లీచింగ్ వారం వారం వేయించానండి. కడిగించడం మాత్రం కుదర్లేదు. ఉన్న ఒక్క కార్మికుడికీ జ్వరం. అయినా ఇదే నీళ్లు బర్రెలూ తాగుతున్నాయి కదండీ? వాటికేం కాలేదే?"

పారుడు రోగం గొర్లనూ మేకలనే గానీ బర్రెలను పడగొట్టదు; అక్కడున్న అందరిలో సరైన ప్రశ్న వేసింది ఆమె ఒక్కతే. పరశురాములు రిజిస్టర్ మూసి ఆమె చేతికిచ్చాడు. సమావేశపు నోట్‌లో 'నీటి తొట్టి శుభ్రతలో నిర్లక్ష్యం గమనించడమైనది' అని రాయించి సంతకం పెట్టాడు. ఆ ఒక్క వాక్యం ఆధారంగా నాలుగో రోజుకల్లా లతను సస్పెండ్ చేశారు.

ఊరి నుంచి బయల్దేరేముందు బీరయ్య అడిగాడు. "సారూ, ఇగ గీ నీళ్లు మాకొద్దు. మిగిలినయి తోలుకోని మిర్యాలగూడ దిక్కు పోదుమా? త్రిపురారంల కోతలైనయట, పొలాలల్ల ఎరువుకు మంద పెట్టుకుంటరు."

వద్దు అనాలి. వద్దంటే ఎందుకని అడుగుతాడు.

"నీ ఇష్టం," అన్నాడు పరశురాములు, జీపు ఎక్కుతూ.

తొమ్మిదో రోజు నల్గొండ జిల్లా నుంచి ఆయన హోదా అధికారే ఫోన్ చేశాడు. "అన్నా, త్రిపురారం మండలంలో గొర్లు ఈగల్లా రాలుతున్నాయి. చూస్తే పారుడు రోగమే. మంద మీ దిక్కు నుంచే వచ్చిందంట. మీ దగ్గర ఉంటే మాకో మాట చెప్పొద్దా?"

పరశురాములు ఆ మధ్యాహ్నమే మిర్యాలగూడ మీదుగా అక్కడికి వెళ్లాడు. కోసిన వరిపొలాల్లో మూడు మందలు దూరదూరంగా నిలిచి ఉన్నాయి. బీరయ్య భార్య కొమురమ్మ ఒక పిల్లను ఒళ్లో పెట్టుకుని, తడిబట్టతో దాని మూతి పుళ్లు తుడుస్తోంది. ఆయన్ను చూసి లేవలేదు.

"గీడ తొట్టి నీళ్లు లెవ్వు సారూ. మోటర్ నీళ్లే తాగుతున్నయ్. ఇగ గిదేం నీళ్ల రోగం, చెప్పు."

అవతలి గట్టు నుంచి ఒక ముసలి ఆడమనిషి కేకలు వేస్తోంది. సాలి అని, ఆ ఊరిదే. అరవై గొర్లలో నలభై పోయాయి. "మా పొలంల అడుగుపెట్టి మా కొంప కూల్చిండ్రు! తెల్సే తోలుకొచ్చిండ్రు!"

బీరయ్య కర్ర పట్టుకుని, ఆ కేకలకు ఎదురు చెప్పకుండా నేల చూస్తూ నిలబడ్డాడు.

"మాకు నీళ్లియ్యనీకి సుత ఎవ్వరొస్తలేరు సారూ," అన్నాడు మెల్లగా. "నాకు తెల్వదంటే ఎవ్వలు నమ్ముతరు? గొర్లు మేపెటోనికి రోగం తెల్వదా అంటున్రు. నిజమే గదా, నేను గుర్తుపట్టకపోతి. తొట్టి నీళ్లనుకుంటి. సిగ్గుతోని సచ్చిపోతున్న."

తాను పడాల్సిన సిగ్గు ఇతను పడుతున్నాడనిపించింది పరశురాములుకు. తన తండ్రి కూడా ఇలాగే కర్ర పట్టుకుని పరాయి పొలాల్లో నిలబడేవాడు. ఏ ఊళ్లో మంద దింపినా ముందు ఆ ఊరి కాపరుల దగ్గరికి వెళ్లి, తన జీవాలకు ఏ జబ్బు ఉన్నా చెప్పేవాడు.

"నువ్వు తెచ్చింది కాదు బీరయ్యా," అన్నాడు. "నాకు మొదటి రోజే తెలుసు."

బీరయ్య తలెత్తి చూశాడు. ఆ మాట అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కొమురమ్మ చేతిలో బట్ట ఆగిపోయింది.

తిరుగు దారిలోనే మహేశ్వర్‌కి ఫోన్ చేసి చెప్పాడు, ఉన్నదంతా రాసి ఇవ్వబోతున్నానని.

"సార్, డిపార్ట్‌మెంట్ పరువు పోతది. మన డాక్టర్ల సంఘపోళ్లు సుత ఊరుకోరు. ల్యాబ్ రిపోర్ట్ వస్తే రోగం పేరు ఎట్లయినా బయటపడ్తది గదా, ఫ్రిజ్ సంగతి మనమెందుకు చెప్పాలె?"

"నీ రెండు ఉత్తరాలూ జతచేస్తున్నా. అవి నా దగ్గర ఆగాయని రాస్తున్నా. చెడిపోయిన మందు వేశావని కూడా రాస్తున్నా. నీకూ తప్పదు, నాకూ తప్పదు."

సాయంత్రం ఆయన రాసిచ్చిన కాగితాన్ని అదనపు కలెక్టర్ మేడం రెండుసార్లు చదివింది. కూర్చోమనలేదు.

"ఆరు శాఖల్ని మీ చేతికిచ్చాను. అందరి మీదా అధికారం తీసుకున్నారు. పనిచేసింది మాత్రం ఒక్క శాఖ కోసం," అంది. "ముందు చేయాల్సింది చెప్పండి."

ఆయన చెప్పాడు. మందలు ఎక్కడున్నవి అక్కడే ఆపాలి. జబ్బు చేసినవాటిని వేరు చేయాలి. చచ్చినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. చుట్టూ ఉన్న ఊళ్లలో బాగున్నవాటికి, మంచులో పెట్టి తెచ్చిన మందుతో టీకా. పక్క జిల్లాకు ఈ రాత్రికే సమాచారం. ఆ రాత్రే ఉత్తర్వులు వెళ్లాయి. ఎస్సై దారుల్లో మనుషుల్ని పెట్టాడు, తహసీల్దారు గోతులు తవ్వించాడు. ఎప్పుడూ ఆయనతో పడని ఇంజనీరు, మందలు ఆగినచోటికి ట్యాంకర్లతో నీళ్లు పంపాడు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. మూడు వారాలకు చావులు తగ్గాయి. తొట్టి పక్కన నిలబడ్డ రోజే ఇది జరగవలసింది. అప్పటికి పోయినవి ముప్పై ఎనిమిదే. ఇప్పుడు రెండు జిల్లాల్లో కలిపి నాలుగు వందలు దాటాయి.

మండల బాధ్యత ఆయన నుంచి తీసేశారు. ఆయనకూ మహేశ్వర్‌కూ చార్జిమెమోలు వచ్చాయి. శాఖలో పాతికేళ్లుగా కలిసి టీ తాగినవాళ్లు ఆయన్ను చూసి పక్క గదిలోకి తప్పుకున్నారు.

లత సస్పెన్షన్ ఎత్తేశారు. ఆ సంగతి తానే చెప్పాలని పరశురాములు కోదాడలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఆర్డర్ వచ్చిందండి, చూశాను."

"నాదే తప్పమ్మా. ఆ రోజు నువ్వు బర్రెల గురించి అడిగినప్పుడే..."

"మీకు తెలుసా అప్పటికే?"

"తెలుసు."

"మా నాన్నను బజార్లో ఆపి అడిగారండి, మీ అమ్మాయేనా గొర్లను చంపింది అని. ఆ నోట్‌లో మీరు రాసింది ఒక్క లైను. ఈ ఆర్డర్ కాగితం ఊళ్లో ఎవరు చదువుతారు? అక్కడికొచ్చి మీ నోటితో చెప్పండి. నాకు చెప్తే ఏం లాభమండీ?"

మరుసటి గురువారం బొల్లికుంట పంచాయతీ ఆఫీసు ముందు జనం కూడారు. ఆయన్ను రమ్మని ఎవరూ ఆదేశించలేదు, ఆయన వెంట ఏ శాఖవాళ్లూ లేరు. లత గోడ వారగా నిలబడింది. ముందు వరుసలో బీరయ్య, కొమురమ్మ కూర్చున్నారు.

పరశురాములు లేచి నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. ఫ్రిజ్ గురించి, పనికిరాని టీకా గురించి, తొట్టి మీదికీ ఈ అమ్మాయి మీదికీ నేరం నెట్టడం గురించి, బీరయ్యను ఆపకుండా పోనివ్వడం గురించి. తిడతారని అనుకున్నాడు. తిడితే బాగుండనిపించింది. ఎవరూ తిట్టలేదు.

బీరయ్య లేచి, కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు మా గొర్లోల్ల పిలగానివే అని ధైర్యంగ ఉంటిమి సారూ," అన్నాడు.

ఆ ఒక్క మాట అని భార్యతో కలిసి వెళ్లిపోయాడు. వాళ్ల వెనకే ఒక్కొక్కరూ లేచారు. లత కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. ఆమెకు సాయం చేద్దామని ఆయన ఒక కుర్చీ పట్టుకున్నాడు.

"ఉంచండి సార్, నేను చేసుకుంటాను," అంది ఆమె.