పసుపు పూసిన కార్డు

మేస్త్రీ పని మా నాన్న నాకిచ్చిపోయాడు, తిక్క కూడా ఆయనదే. ఇటుక వంకరగా పెడితే కేకలేస్తాను, మనిషి వంకరగా మాట్లాడితే ఇంకా పెద్ద కేకలేస్తాను. అలాంటి నేను, మొహిద్దీన్ బాషా అనేవాణ్ణి, చిలకలూరిపేటలో ఇరవయ్యేళ్ళుగా గోడలు కడుతున్నవాణ్ణి, ఆ ఏడు కార్తీకంలో ఒక్కసారి మర్యాదకి పోయాను. అదే నా కొంప ముంచింది.

పేటకి నాలుగు మైళ్ళ అవతల బాపయ్యగారని ఓ రైతున్నాడు. పోయినేడు ఆయన మిరపకాయలు తాటాకు పాకలో పెట్టి తడుపుకున్నాడు. సగం కాయ నల్లబడి పారబోసుకున్నాడు. ఈసారి కాయ కళ్ళానికొచ్చేలోపల రాతి గోడౌను లేవాలని పట్టుబట్టి నా దగ్గరికొచ్చాడు. సరే అన్నాను. పునాది తవ్వించమన్నాను. నల్లరేగడి నేలండీ అది, ఎండితే పగుల్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. దాని మీద గోడ కడితే రెండేళ్ళలో అడ్డంగా చీలుతుంది. ఆ నల్లమట్టి అంతా పోయి కింద గులకరాళ్ళతో గట్టిగా ఉండే గరప తగిలేదాకా తవ్వాలి. తగిలిందో లేదో నేను గునపంతో పొడిచి చూడాలి. చూశాకే రాయి పడాలి. గురువారం పొద్దున్న వస్తానన్నాను. ఆయన పంతుల్ని అడిగి ఆ పొద్దుటికే ముహూర్తం పెట్టించుకున్నాడు.

సోమవారం పట్టుకుంది వాన. మంగళవారం కూడా అదే పోత. ఆ దారిలో బండి దిగబడితే రెండు జతల ఎడ్లు కట్టినా కదలదు. పోనీ నడిచే వెళ్ళానే అనుకోండి, ఏం చూస్తాను? పునాది నిండా నీళ్ళుంటాయి. నా మొహం కనబడుతుంది, గరప కనబడదు. అందుకని కార్డు తెచ్చుకుని కూర్చున్నాను.

"బాపయ్యగారికి నమస్కారాలు. వర్షం వల్ల గురువారం రాలేను. పునాది నీళ్ళు తోడించి, అడుగున బురదంతా గీకించి, ఆరనివ్వండి. నేను చూసేదాకా ఒక్క రాయి కూడా వెయ్యొద్దు. సోమవారం గానీ, అది కుదరకపోతే ఆపై గురువారం గానీ వస్తాను. రెండు రోజులూ మంచివేనని ఇక్కడి పంతులుగారిని అడిగే రాస్తున్నాను. మీకేది వీలో తపాలా జోసఫ్‌తో కబురు చెయ్యండి."

బాగానే రాశాను కదా? అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ముహూర్తం పెట్టుకున్నవాళ్ళకి రానని రాస్తున్నాను, ఉత్త కార్డు వెళితే ఏ చావు కబురో అనుకుని ఆ ఇల్లాలు హడలిపోతుందేమోనని నాలుగు మూలలా పసుపు పూశాను.

మా ఆవిడ కరీమున్ చూసి, "రానని చెప్పడానికి పసుపెందుకయ్యా?" అంది.

"నీకేం తెలుసు, ఊరుకో. వాళ్ళ మర్యాదలు వాళ్ళకుంటాయి" అన్నాను. ఆడదాని మాట వినకపోతే ఏమవుతుందో మా నాన్నకీ తెలీదు, నాకూ తెలీలేదు.

తపాలా జోసఫ్ బుధవారం చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు వెంట నడిచి వెళ్ళి కార్డు ఇచ్చే వచ్చాడు. "బాపయ్యగారు చేలో ఉన్నారు, అమ్మగారి చేతికిచ్చాను" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆదివారం దాకా చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇదేం పెద్దమనిషి, రెండు రోజులు రాస్తే ఒకటి ఏరుకోలేడా అని తిట్టుకుంటూ సోమవారం నేనే బయల్దేరాను. నాలుగు మైళ్ళూ నడక. చెప్పులకి చెరో శేరు మట్టి.

వెళ్ళేసరికి ఏముంది! పునాదిలో ఓ పక్క బారునా రాళ్ళు పేర్చేసి ఉన్నాయి. నాకు మతి పోయింది.

బాపయ్యగారు నన్ను చూడగానే లేచాడు. "వచ్చావా మేస్త్రీ! గురువారం తెల్లారి వాన వెలిసింది. నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూశాం. మాటిచ్చి ముహూర్తానికి ఎగ్గొట్టినవాడివి ఇవాళెందుకొచ్చావ్? నువ్వు లేకపోతే రాయి పడదనుకున్నావా?"

"ఎగ్గొట్టానా? కార్డు రాశాను కదండీ!"

"ఏ కార్డు?"

"ఏ కార్డేమిటండీ బాబూ! బుధవారం అమ్మగారి చేతికిచ్చానని జోసఫ్ చెప్పాడు!"

గుమ్మంలో నిలబడ్డ సుబ్బరావమ్మగారి మొహం పాలిపోయింది. గబగబా లోపలికెళ్ళింది. దేవుడి గూట్లోంచి నా కార్డు తెచ్చింది. నా పసుపు మీద ఆవిడ కుంకుమ కూడా పెట్టింది. పైన ఎండిపోయిన చేమంతి రెక్క.

"మా తమ్ముడి కూతురి శుభలేఖ అనుకున్నానయ్యా" అంది. "నాకు చదువు రాదు. ఈయన స్నానం చేసొచ్చాక చదివిద్దామని దేవుడి దగ్గర పెట్టాను. ముహూర్తం హడావిడిలో పడి మర్చేపోయాను. రోజూ దీపం మాత్రం పెడుతూనే ఉన్నాను."

బాపయ్యగారు కార్డు తీసుకుని పైకే చదివాడు. ఒక్క రాయి కూడా వెయ్యొద్దు అన్న దగ్గర గొంతు తగ్గిపోయింది. భార్య మీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు.

నేను గునపం తీసుకుని రాళ్ళ సందులో పొడిచాను. మూరెడు దిగింది. నీళ్ళు తోడారు గానీ అడుగున బురద గీకలేదు. రాళ్ళన్నీ గుజ్జులో కూర్చున్నాయి.

"తీసెయ్యాలండి. అంతా."

"నాలుగు రోజుల నించి మోశాం మేస్త్రీ" అన్నాడు. "దారి బురదకి కూలోళ్ళు రాలేదు. నేనూ, ఇదీ మోశాం." సుబ్బరావమ్మగారు చేతులు పైట కింద దాచుకుంది. నేను చూడనే చూశాను, రెండు అరచేతులూ బొబ్బలే. నాకు నా మీదే మండుకొచ్చింది. ఏ చేతులతో పసుపు పూశానో ఆ చేతులు విరగ్గొట్టుకోవాలనిపించింది.

"ఆ మొదటి రాయి మాత్రం కదపను బాషా. ముహూర్తానికి వేసింది. కదిపితే అరిష్టం" అన్నాడాయన.

"కదపకపోతే గోడ చీలుతుందండి. పోయినేడు పాకలో ఏం జరిగిందో ఈసారి గోడౌన్లో అదే జరుగుతుంది. కాయ మళ్ళీ తడుస్తుంది."

 ఆయన ఈశాన్యం మూల వేసిన ఆ మొదటి రాయినే చూస్తూ నిలబడ్డాడు. దాని మీద ఇంకా పసుపుంది.

"అమ్మా, నా కార్డు తీసిన చోటు ఖాళీయే కదా?" అన్నాను. "ఈ రాయి కడిగి అక్కడ పెట్టండి. గురువారం దాకా దానికి దీపం పెట్టండి. ఆ రోజు మళ్ళీ మీ చేత్తోనే ఇద్దురు గాని, గట్టి నేల మీద నేను వేస్తాను."

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన తలూపాడు.

పంచె ఎగ్గట్టి ముందు నేనే దిగాను. ఆ రాయి పైకి తీసి ఆవిడ చేతిలో పెట్టబోయి, బొబ్బలు గుర్తొచ్చి, నేనే మోసుకెళ్ళి గుమ్మంలో దించాను. తిరిగొచ్చేసరికి బాపయ్యగారు పునాదిలో దిగి ఉన్నాడు. పొద్దు గూకేదాకా ఇద్దరం రాళ్ళు తీశాం. నడుం పడిపోయింది.

వెళ్ళేటప్పుడు తూర్పున మళ్ళీ మబ్బు పట్టింది. బాపయ్యగారు అటు చూసి, "గురువారం మళ్ళీ వాన పడితే?" అన్నాడు.

"పడితే కార్డు రాయనండి" అన్నాను. "బురదలో పడుతూ లేస్తూ అయినా సరే, నేనే వచ్చి, ఇవాళ రానని మీ ఇద్దరికీ నోటితో చెప్పి పోతాను."