పెద్దాయన మాటకి గడువు

టీములో ఆమెని వెనకాల గడువమ్మ అంటారు. ముందర కూడా అంటారు, కాకపోతే పక్కన ఒక నవ్వు బొమ్మ పెడతారు. ఏడుగురూ ఏడు ఊళ్లలో, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని పనిచేస్తారు. ఒకరు నిద్ర లేచేసరికి ఇంకొకరు పక్క దులుపుకుంటుంటారు. చాట్‌లో మాత్రం "రేపటికి అయిపోతుందిలే", "కాసేపట్లో పంపిస్తా" అని పడేసి పోతారు. ఎవరి రేపు, ఎవరి కాసేపు? పొద్దున్నే ఆమె ఆ ముక్కలన్నీ ఏరి, పనేమిటి, ఎవరిది, ఏ రోజు ఎన్నింటికి, ఎవరి గడియారం ప్రకారం అని శుభ్రంగా అప్‌డేట్లు రాసి టీము ఆన్‌లైన్ బోర్డులో పెడుతుంది. ఇక ఎవరూ ఎవరినీ నిద్ర లేపి అడగక్కర్లేదు.

ఈ మధ్య ఆమెకి గుడ్లగూబ మీద అనుమానం పట్టుకుంది. పేమెంట్ పేజీ రాసేది ఆయనే. ఆమె గడియారానికి దాదాపు పది గంటలు వెనక ఉంటాడు, అందరూ పడుకున్నాక చాట్‌లో తేలతాడు, అందుకే ఆ పేరు. మూడు వారాలుగా మూడు గడువులూ తప్పాడు. అడిగితే, "చెప్పాను కదండీ" అని ఒక్క ముక్క. ఇంకో కంపెనీకి దొంగచాటుగా పనిచేస్తున్నాడేమో అనుకుంది. లేకపోతే మనిషికి అంత నిబ్బరమేమిటి?

బుధవారం పెద్దాయన, అంటే వాళ్ల మేనేజరు, ఫోన్ చేశాడు. "ఆ గుడ్లగూబ తప్పిన గడువులన్నీ ఒకచోట పెట్టి పంపమ్మా. శుక్రవారం మీటింగ్‌లో ఆయన్ని తీసేద్దాం."

ఒక మనిషి ఉద్యోగం. అయినా, చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచింది.

వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపిస్తోంది. పైకప్పు నుంచి కారే నీళ్ల కింద బకెట్ మారుస్తూ ప్లంబర్‌కి ఫోన్‌లో చివాట్లు పెడుతోంది. "ఇవాళ వస్తానని మా అబ్బాయితో చెప్పి ఎగ్గొడతావా?"

స్పీకర్‌లో ప్లంబర్ తాపీగా అన్నాడు, "పై ఇంటివాళ్లు తలుపు తీస్తే వస్తానన్నానండీ. వాళ్లు ఊళ్లో లేరు. ఆ మాట మీ అబ్బాయి చెప్పలేదా?"

"వాడు సగం మాటే మోసుకొస్తాడు నాయనా, చిన్నప్పట్నుంచీ అంతే," అని అత్తగారు చల్లబడింది.

సగం మాట. ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. ఎందుకో చాట్‌లో వెనక్కి వెళ్లి గుడ్లగూబ అసలు మెసేజ్ వెతికింది.

"పెద్దాయన రెండు డిజైన్లలో ఏదో తేల్చగానే మొదలెడతా. ఇవాళ తేలిస్తే మంగళవారం సాయంత్రానికి ఇచ్చేస్తా."

దానికి ఆమె రాసిన అప్‌డేట్: "పని: పేమెంట్ పేజీ. బాధ్యత: గుడ్లగూబ. గడువు: మంగళవారం సాయంత్రం ఆరు, ఆయన గడియారం ప్రకారం." ముచ్చటగా ఉంది. షరతు మాత్రం లేదు. మిగతా రెండిట్లోనూ అంతే. పెద్దాయన ఏమన్నాడా అని చూస్తే, "చూస్తానమ్మా, వీలు చూసుకుని చెప్తా." ఆ మాటని ఆమె ఎప్పుడూ అప్‌డేట్‌గా రాయలేదు. పెద్దాయనకి గడువు పెట్టడమేమిటని, మర్యాద కొద్దీ వదిలేసింది. ఆ మర్యాద ఎవరి మెడకి చుట్టుకుందో ఇప్పుడు కనపడింది. ఆమెకి సిగ్గేసింది, ఆ వెనకే తిక్క కూడా రేగింది.

తప్పిన గడువుల చిట్టా పంపలేదు. పాత అప్‌డేట్లు మూడూ సరిదిద్ది, పక్కనే అసలు మెసేజ్‌లు అతికించి, "షరతు తీసేసింది నేను, పొరపాటు నాది" అని రాసింది. కింద కొత్తది పెట్టింది.

"పని: రెండు డిజైన్లలో ఒకటి ఖాయం చేయడం. బాధ్యత: పెద్దాయన. గడువు: గురువారం మధ్యాహ్నం పన్నెండు, ఆయన గడియారం ప్రకారం. గుడ్లగూబకి అప్పుడు పొద్దున్న ఆరు. ఇది నేను అడుగుతున్న టైము, పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదు. ఇది తేలితేనే పేమెంట్ పేజీ మొదలవుతుంది."

అందరికీ కనపడే బోర్డు. పంపాక లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది. అత్తగారు అడక్కుండానే మంచినీళ్లు తెచ్చిపెట్టింది.

పెద్దాయన చాట్‌లోకి వచ్చాడు. "ఏమ్మా, నాకే గడువా?"

"అందరికీ పెట్టేదేనండీ. కుదరకపోతే మీకు కుదిరే టైము చెప్పండి, మారుస్తాను."

"సరే, చూస్తాను."

ఇన్నాళ్లూ ఆమె అక్కడితో ఆగేది. "ఏ రోజు, ఎన్నింటికండీ?" అని కొట్టింది.

పెద్దాయన ఏదో టైప్ చేశాడు, చెరిపాడు, మళ్లీ చేశాడు. ఈసారి తన ఉద్యోగమే పోతుందేమో అనుకుంటూ ఆమె స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది.

"రెండో డిజైన్. ఇప్పుడే ఖాయం. శుక్రవారం మీటింగ్ అక్కర్లేదు."

మర్నాడు లేచేసరికి గుడ్లగూబ మెసేజ్ ఉంది. "మొదలెట్టా. బ్యాంకు వాళ్లు టెస్ట్ అకౌంట్ ఇస్తే సోమవారం సాయంత్రం ఐదుకి ఇస్తా, నా గడియారం. ఈసారి మొత్తం రాయండి గడువమ్మగారూ."

ఆ పేరు పక్కన నవ్వు బొమ్మ పెట్టలేదు. ఆమె అప్‌డేట్‌లో ముందుగా బ్యాంకు మాట రాసింది, ఆ తర్వాతే సోమవారం.