ఎనిమిది వందల పదకొండు తక్కువ

2007 జూన్‌లో ఒక సోమవారం దిల్షాద్ రేపల్లెలోని సహకార బ్యాంకుకు డిపాజిట్ రసీదు తెచ్చింది. భర్త అబ్దుల్ ఖాదర్ గుండె ఆపరేషన్‌కు మర్నాడే గుంటూరు ఆసుపత్రిలో రెండు లక్షల తొంభై వేలు కట్టాలి. అయిదేళ్ల కిందట దాచిన రెండు లక్షలకు గడువు ఆ రోజే తీరింది.

కౌంటర్లో ఉన్న అనంతలక్ష్మి రసీదు తీసుకుంది. ఎనిమిది శాతం వడ్డీ, మూడు నెలలకోసారి అసలులో కలుస్తుంది. గడువు తీరాక చెల్లించేది 2,79,189 అని ఉంది. ఆ చేతిరాత తనదే.

దిల్షాద్ బెరుకుగా అడిగింది. "మేడం, మా అమ్మాయి నాజియా ఊరికే బారువడ్డీ కట్టి చూసిందండి. ఏడాదికి పదహారు వేలు, అయిదేళ్లకి ఎనభై వేలు. రెండు లక్షల ఎనభై వేలు రావాలంట. ఇందులో ఎనిమిది వందల పదకొండు తక్కువుంది. ఏమన్నా ఖర్చులు పట్టుకున్నారా?"

అనంతలక్ష్మి రసీదు మళ్లీ చదివింది. వడ్డీ మీద వడ్డీ వచ్చే డిపాజిట్‌కు బారువడ్డీ కంటే ఎక్కువే రావాలి. తగ్గడమనేది ఉండదు. లెడ్జరు తీస్తే అందులోనూ అదే అంకె. రసీదు చూసి ఎక్కించింది కూడా తనే.

కాలిక్యులేటర్ తీసుకుంది. మూడు నెలలకు రెండు శాతం, మొత్తం ఇరవై విడతలు. ఒకటీ పాయింటు సున్నా రెండుతో ఇరవై సార్లు హెచ్చిస్తే 1.485947 వచ్చింది. రెండు లక్షలకు 2,97,189. తొమ్మిదీ ఏడూ అటూ ఇటూ అయి పద్దెనిమిది వేలు మాయమయ్యాయి.

ఉన్న అంకె ప్రకారం ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు. చెబితే మెమో వస్తుంది, ఉద్యోగానికే ఎసరు రావచ్చు. ఎదురుగా దిల్షాద్ కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ నిలబడి ఉంది. మిగిలిన పదకొండు వేలకు గాజులు తాకట్టు పెడతానని, కాస్త తొందరగా ఇప్పించమని మెల్లగా బతిమాలింది.

అనంతలక్ష్మి రసీదు పట్టుకుని మేనేజర్ వీరరాఘవయ్య గదిలోకి వెళ్లింది. కాగితం మీద రెండు అంకెలూ రాసి ముందు పెట్టింది. ఆయన స్వయంగా లెక్క కట్టి చూశాడు.

"రాసింది ఎవరు?"

"నేనేనండి."

ఆయన సరైన మొత్తానికి ఓచరు రాయమని, సంజాయిషీ కూడా రాసిమ్మని చెప్పాడు. తర్వాత, అయిదేళ్ల కిందట ఆ నెలలో ఆమె రాసిన రసీదులెన్ని అని అడిగాడు. నలభై మూడు.

దిల్షాద్‌కు 2,97,189 చేతిలో పడింది. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని, నమ్మలేనట్టు చూసి, బస్సుకు పరుగెత్తింది.

అనంతలక్ష్మి పాత లెడ్జరు తెరిచింది. ఒక్కో డిపాజిట్‌కూ ముందు బారువడ్డీ, తర్వాత చక్రవడ్డీ కట్టసాగింది. సాయంత్రానికి ముప్ఫై ఒకటి సరిపోయాయి. ముప్ఫై రెండోది నిజాంపట్నం రాహేలుది, ఒకటిన్నర లక్ష. బారువడ్డీతో రెండు లక్షల పది వేలు రావాలి. పేజీ మీద చెయ్యి అడ్డంగా పెట్టుకుని, తను రాసిన అంకె చూడడానికి ధైర్యం చాలక, అలాగే కూర్చుంది.