పదకొండు బిల్లులు, పన్నెండు పేజీలు

అన్నయ్య ఆసుపత్రుల్లో ఎక్స్‌రే మిషన్లు విప్పి బిగించే మెకానిక్కు. అంత మిషన్ ముందు బెదరని మనిషికి కంప్యూటర్ ముందు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే టూర్ నుంచి రాగానే జేబుల్లోని బిల్లులన్నీ తీసి చెల్లెలు చిట్టి ముందు కుప్ప పోశాడు.

"అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ పంపాలటే. ఖర్చుల పట్టికలో రాసిన వరసలోనే బిల్లులూ ఉండాలట. ఐదో ఖర్చుకి ఐదో పేజీ. కాస్త చూసిపెట్టవే," అన్నాడు.

చిట్టి చూడక చస్తుందా? ఆ డబ్బు తనది. రెండేళ్ళు తలకిందులుగా తపస్సు చేస్తే వచ్చిన నర్సింగ్ సీటు, దానికి దాచిన ఫీజు. కంపెనీ అడ్వాన్సు ఇవ్వనంటే అన్నయ్య ఆ డబ్బే టూరుకి పట్టుకెళ్ళాడు. ఫీజు గడువు శనివారం. బుధవారం సాయంత్రంలోగా బిల్లులు పంపితే శుక్రవారం డబ్బు పడుతుంది, లేకపోతే వచ్చే నెలే. బాబాయిని అప్పు అడిగి చూశారు. ఆయన కాఫీ ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పంపేశాడు.

మంగళవారం పొద్దున్నే చిట్టి పనిలో పడింది. నలిగిన టాక్సీ రసీదుల్ని అరచేత్తో సాపు చేసి, ఒక్కొక్కటీ ఫోన్‌తో స్కాన్ చేసింది. బిల్లుకో ఫైలు, ఫైలుకో నంబరు. అన్నీ కంప్యూటర్‌లో వేసి కలిపి చూస్తే ఒకటి తర్వాత పది, పదకొండు వచ్చి కూర్చున్నాయి, ఆ తర్వాత రెండు. కంప్యూటర్ పేరులో మొదటి అంకె చూసి వరస కడుతుందని కాసేపటికి తెలిసొచ్చింది. ఒకటిని సున్నా ఒకటి అని, రెండుని సున్నా రెండు అని పేర్లు మార్చి మళ్ళీ కలిపింది. ఈసారి ఫైళ్ళు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి.

"చూశావా అన్నయ్యా, ఎలా దారికొచ్చాయో," అంది.

"నా చెల్లెలంటే ఏమనుకున్నారు," అని వదినకు చెప్పి మురిసిపోయాడు అన్నయ్య. ఫైళ్ళ పేర్లు ఇంకోసారి పైనుంచి కిందికి చదివి, చిట్టి పంపేసింది. పేజీలు తిప్పి చూడాలని మాత్రం తట్టలేదు.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు లెక్కలాయన ఫోన్ చేశాడు. అన్నయ్య స్పీకర్ పెట్టాడు.

"మీ క్లెయిమ్ వెనక్కి పంపానండి. ఐదో ఖర్చు టాక్సీ అన్నారు. ఐదో పేజీ తీస్తే హోటల్ వాళ్ళ షరతులు ఉన్నాయి. అక్కణ్ణించి ఏదీ కలవడం లేదు."

చిట్టికి అప్పుడు వెలిగింది. నాలుగోది హోటల్ బిల్లు. వెనకాల సన్న అక్షరాలు కనబడితే, ఏదీ వదిలిపెట్టకూడదని ఆ వైపు కూడా స్కాన్ చేసింది. ఒక్క ఫైల్లో రెండు పేజీలు. పట్టికలో పదకొండు ఖర్చులు, పీడీఎఫ్‌లో పన్నెండు పేజీలు. శ్రద్ధ ఎక్కువై చేసిన తప్పు ఇది; అజాగ్రత్తతో చేసి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

"ఆ ఒక్క పేజీ తీసేసి ఇప్పుడే పంపుతానండి," అంది ఫోన్ దగ్గరికి వంగి.

"పంపండమ్మా, తీసుకుంటాను. కానీ ఈ నెల చెల్లింపుల జాబితా నిన్నే మూసేశారు. ఇది వచ్చే నెలలోకి వెళ్తుంది. నా చేతుల్లో ఏం లేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా మంచివాడే, అయినా వరం రాలేదు. చిట్టి ఆ పేజీ తొలగించింది. నిమిషం కూడా పట్టలేదు. కాలేజీకి ఫోన్ చేసింది. గడువు పెంచరట, సోమవారం సీటు తర్వాతి అమ్మాయికి ఇస్తారట. వదిన గాజులు తీయబోతే చిట్టి చెయ్యి పట్టుకుని ఆపింది. అవి గిల్టువని ఇంట్లో అందరికీ తెలుసు.

అన్నయ్య బల్ల మీది బిల్లుల్ని ఒక్కొక్కటీ ఏరి కవర్లో పెట్టాడు. తిడితే బాగుండునని చిట్టికి అనిపించింది.

"నీ తప్పేం లేదురా. ఆ డబ్బు ముట్టుకున్నది నేను," అన్నాడు చివరికి.

శనివారం గడిచిపోయింది. ఆదివారం అన్నయ్య మళ్ళీ టూర్‌కి సంచీ సర్దుకున్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "ఈసారి బిల్లులు ఎప్పటికప్పుడు ఫోన్లో పంపేస్తాలే. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా."

"ఉంటానన్నయ్యా," అంది చిట్టి.