తేదీ అడిగిన ఉత్తరం

ఆ ఇంట్లో ఒకరు స్నానం చేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు చేయడానికి, ఇంకొకరు పెరట్లో వాల్వు తిప్పడానికి.

బాత్‌రూమ్‌లో షవర్ కుళాయి గోడలోకి దిగే చోట ఒక గుండ్రటి స్టీలు బిళ్ళ ఉంటుంది. దాని చుట్టూ నీరు కారేది. కుళాయి కట్టేసినా కారేది. పైన ట్యాంకు నిండుగా ఉండే పొద్దుటిపూట కారడం మాని ఏకంగా చిమ్మేది. అందుకని పెరటి గోడకున్న వాల్వు ఎప్పుడూ మూసి ఉంచి, స్నానాల వేళ మాత్రం తెరిచేవారు. ఆ బాధ్యత అత్తగారు తీసుకుంది. తీసుకోవడమంటే మామూలుగా కాదు. వాల్వు పక్కన పీట వేసుకుని, చెంగు నడుముకు దోపుకుని, రైలుకు జెండా ఊపేంత హోదాతో కూర్చునేది.

"అల్లుడుగారూ, అయిందా?"

"ఇప్పుడే సబ్బు రాసుకున్నానండీ!"

"ఇంకా సబ్బు దగ్గరే ఉన్నారా? ఆపేస్తున్నా, తర్వాత పిలవండి."

నీళ్ళు ఆగిపోయేవి. అల్లుడు కళ్ళు మూసుకుని, నురగ కారుతూ, గోడకు చేరబడి నిలబడేవాడు. పిలిస్తే ఆవిడ పలకాలి కదా. ఆ లోపు పక్కింటావిడ కనిపిస్తే ఇక అంతే సంగతులు.

అల్లుడు ఒక పెద్ద ఆఫీసులో ఫిర్యాదులకు జవాబులు రాసే గుమాస్తా. "తమరి లేఖ అందినది. సదరు విషయము పరిశీలనలో ఉన్నది" అని రాయడంలో అతనికి సాటి లేదు. అతని జవాబు చదివినవాళ్ళు ఏదో పని జరిగిపోయిందన్న తృప్తితో మడిచి దాచుకునేవారు. అతని భార్య బస్టాండులో టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. ఎక్కడికి, ఎంతమంది, ఏ బస్సు, తర్వాత ఎవరు. ఇంటి దగ్గర కూడా ఆమె మాట అదే కొలతలో ఉండేది.

ఇంటి యజమాని వెనక వీధిలో ఉంటాడు. గడియారాలు బాగుచేస్తాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని గడియారాలాయన అంటారు. చెయ్యి మంచిదే కానీ, గడియారం ఎప్పుడిస్తావంటే మాత్రం ఆయన నోట తేదీ రాదు. "చూద్దాం", "అయిపోవచ్చింది", "ఈసారి వచ్చినప్పుడు కనపడండి" అంటాడు. కుళాయి కారుతోందని కబురు పెట్టినప్పుడల్లా మాత్రం ప్లంబర్ని పిలవకుండా తనే వచ్చేవాడు. కుళాయి ఊడదీసి, మరలకు తెల్లటి టేపు చుట్టి, మరికాస్త చుట్టి, ఇంకాస్త చుట్టి, పళ్ళు బిగించి మరీ బిగించేవాడు. "ఇంక జన్మలో కారదు" అనేవాడు. నాలుగు వారాలు తిరిగేసరికి కుళాయి కొత్త జన్మ ఎత్తేది.

ఒకరోజు పడకగదిలో బీరువా జరిపితే, బాత్‌రూమ్ వైపు గోడ ఉబ్బి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. భార్య ఆ పెచ్చులు చేటలోకి ఎత్తి భర్త ముందు పెట్టింది.

"ఏమండీ, ఇంక నోటిమాటలు చాలు. ఉత్తరం రాయండి. బాగుచేసే తేదీ అడగండి."

అతనికి ఉత్సాహం పొంగింది. ఆ సాయంత్రమంతా గది తలుపు వేసుకుని రాశాడు. రాసింది భార్యకు గొంతెత్తి చదివి వినిపించాడు.

"మహారాజశ్రీ గృహ యజమానులవారి దివ్యసముఖమునకు. తమరి గృహము మాకు చల్లని నీడనిచ్చుటయే గాక, ఇటీవల గోడల నుండి సైతము తమ దయ చెమర్చుచున్నట్లు గమనించి పులకించితిమి. సదరు తేమ విషయమై తమకు వీలు చిక్కిన తరుణమున, తమ మనసునకు తోచిన రీతిన..."

"తేదీ ఏదండీ?"

"ఉంది కదా. వీలు చిక్కిన తరుణమున."

"ఆ బస్సుకి టిక్కెట్టు కొట్టమంటే నేనెలా కొట్టను?"

"ఉత్తరాల్లో అలా మొహమ్మీద అడక్కూడదే. మర్యాద ఉంటుంది."

మర్యాదగానే తీసుకెళ్ళి గడియారాలాయన దుకాణంలో ఇచ్చాడు. ఆయన కంటికి అద్దం బిగించుకుని, ఎవరి గడియారాన్నో విప్పి పెట్టుకుని ఉన్నాడు. ఆ అద్దంతోనే ఉత్తరం మొత్తం చదివాడు. చదువుతుంటే రెండో కన్ను చెమర్చింది.

"బాబూ, నా ఇంట్లో ఇంతమంది అద్దెకున్నారు. ఒక్కరైనా ఇలా నాలుగు మంచి ముక్కలు రాశారా?" అని లేచి అతని చెయ్యి పట్టుకున్నాడు. గడియారాల కోసం వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఉత్తరం చదివి వినిపించాడు. మర్నాటికల్లా దానికి అద్దం కట్టించి, గంటలు కొట్టే పెద్ద గడియారం పక్కన తగిలించాడు.

కుళాయి సంగతి అడగడానికి వెళ్ళిన అల్లుడు గోడ మీద తన ఉత్తరాన్ని చూసుకుని, కుళాయి సంగతి మరిచిపోయి ఇంటికొచ్చేశాడు.

"ఫ్రేము చాలా బాగుంది" అన్నాడు భార్యతో.

ఆమె కాగితం, కలం తెచ్చి అతని ముందు పెట్టింది. "నేను చెప్తా, మీరు రాయండి. నేను చెప్పిందే రాయండి."

అతను రాశాడు.

"బాబాయిగారికి నమస్కారం. బాత్‌రూమ్‌లో షవర్ కుళాయి వెనక గోడలోంచి నీరు కారుతోంది. కుళాయి కట్టేసినా ఆగడం లేదు. మీరు వచ్చి టేపు చుట్టినప్పుడల్లా కొన్నాళ్ళు ఆగి మళ్ళీ మొదలవుతోంది. పడకగది వైపు గోడ ఉబ్బి పెచ్చులూడుతోంది. గోడ లోపలి పైపు చూడాలి కాబట్టి ప్లంబర్ని పిలిపించండి. ఏ తేదీన పని చేయిస్తారో ఈ కాగితం కిందే రాసివ్వండి. ఆ రోజు మేం ఇంట్లో ఉంటాం."

"ఒక్క 'సవినయముగా' అయినా పెట్టనివ్వవే" అని బతిమాలాడు.

"నమస్కారం పెట్టాంగా."

అత్తగారు గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "ఇప్పుడంత అర్జెంటా? బానే నడుస్తోందిగా" అంది.

"ఎవరికి నడుస్తోందమ్మా? ఆయన మొన్న తల నిండా నురగతో ఆఫీసుకెళ్ళబోయారు."

"తొందరగా నీళ్ళు పోసుకోవడం అలవాటవుతుందనీ" అంటూ ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది.

భార్య ఆ కాగితం దుకాణానికి తీసుకెళ్ళలేదు. సాయంత్రం సరాసరి గడియారాలాయన ఇంటికే వెళ్ళింది. భర్త వెనకాలే బితుకుబితుకుమంటూ నడిచాడు. గడియారాలాయన నవ్వుతూ కాగితం అందుకుని, కూర్చోండి కూర్చోండి అంటూ చదవడం మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి నవ్వు పోయింది. చివరికి వచ్చేసరికి కుర్చీలో కూలబడ్డాడు.

"తేదీ అడిగింది" అన్నాడు వంటింట్లో ఉన్న తన భార్యకేసి చూసి, ఎవరో తనను కొట్టినట్టు. "కాగితం మీద! అల్లుడు ఎంత బాగా రాశాడు, ఈ అమ్మాయేమిటి ఇలా..."

ఆయన భార్య వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కాగితం లాక్కుని చదివింది.

"ఇందులో తప్పేముంది? కారుతోందట, బాగుచేయమంటోంది. అయితే మొదటి ఉత్తరంలో ఉన్నది కూడా ఇదేనా బాబూ?"

అల్లుడు నేల చూపులు చూశాడు. "అదేనండీ. కాస్త లోపల ఉంది."

"గోడలోంచి దయ చెమర్చడమంటే పైపు కారడమా!" ఆవిడ నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది. "ఈయన దాన్ని మా అన్నయ్యకి కూడా వినిపించారు! మావాడు ఏడ్చాడు కూడా!"

"చూద్దాంలే" అన్నాడు గడియారాలాయన మొహం తిప్పుకుని.

"చూసేదేం లేదు. మా పెళ్ళప్పుడు కూడా ఈయన 'చూద్దాం' అన్నారమ్మాయ్. మా నాన్న పట్టుబట్టాడు కాబట్టి సరిపోయింది." ఆవిడ భర్త జేబులోంచి కలం తీసి, కాగితం కింద శనివారం పొద్దున్న అని రాసి, పక్కన తేదీ వేసి, ఆయన చేత సంతకం పెట్టించింది. ఆయన సంతకం మాత్రం ఎంత చిన్నదిగా పెట్టాడంటే, అది చదవడానికి ఆయన కంటి అద్దమే కావాలి.

శనివారం ప్లంబర్ వచ్చాడు. పెద్ద మీసాలు, అంతకంటే పెద్ద గొంతు. వస్తూనే ఇదివరకు తను బాగుచేసిన బాత్‌రూమ్‌ల గొప్పలు మొదలుపెట్టాడు. వెనకాలే గడియారాలాయన కూడా భార్యను వెంటబెట్టుకుని, కంటి అద్దం, చిన్న పట్టకారు తెచ్చుకుని దిగాడు.

వాల్వు మూయించి, కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు వదిలేసి, ప్లంబర్ కుళాయి ఊడదీశాడు. దాని మరలకు చుట్టిన టేపు పత్తికాయంత లావుగా ఉంది. సుత్తి, ఉలి పెట్టి చుట్టూ ఉన్న టైలు పగలగొట్టాడు. లోపల పైపు మలుపులో ఉండే ప్లాస్టిక్ ముక్క, ఎల్బో, మరలున్న చోట నిలువునా చీలి ఉంది.

"ఇదీ సంగతి! కుళాయిది కాదు, దీనిది. టేపు ఇంత లావు చుట్టి బిగిస్తే లోపల ఇరుక్కుని చీలిపోతుంది. ఎవడో మొండోడు బిగించినట్టున్నాడు."

అల్లుడు బకెట్టు వైపు చూశాడు. గడియారాలాయన పైకప్పును పరిశీలించాడు.

ప్లంబర్ చీలిన ఎల్బోను కోసి తీసేశాడు. కొత్తది తేవడానికి సంచీ దగ్గరికి వెళ్ళాడు. ఆ అవకాశం కోసమే కాచుకున్న గడియారాలాయన కంటికి అద్దం బిగించుకుని, వంగి, తెరిచి ఉన్న పైపు రంధ్రానికి కన్ను ఆనించాడు.

పెరట్లోంచి అత్తగారు కేకేసింది. "విప్పమంటారా?"

"విప్పొద్దండీ!" అని ప్లంబర్ అరిచాడు. సరిగ్గా అప్పుడే సంచీలోంచి సుత్తి జారి ఖంగున నేల మీద పడింది. ఆవిడకు "విప్పు" వరకే వినిపించింది. విప్పేసింది. అలవాటైన చెయ్యి కదా, పూర్తిగా విప్పింది.

ట్యాంకు నిండుగా ఉంది. గడియారాలాయన నోట మాట కూడా రాలేదు, నోటి నిండా నీళ్ళే. అద్దం ఎగిరి బకెట్లో పడింది. ఆయన చేతుల్తో రంధ్రం మూయబోతే ధార చీలి ప్లంబర్ మీసాల మీదికి మళ్ళింది.

"ఆపండి అత్తయ్యగారూ!"

"ఆ?"

"అమ్మా, ఆపు!"

ఆగింది. గడియారాలాయన నీళ్ళోడుతూ నిలబడ్డాడు. తెల్లటి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. మొహం తుడుచుకుని, "ఒత్తిడి బాగానే ఉంది" అన్నాడు.

ఆయన భార్య ఆ మాటకి గోడకు జారగిలబడి నవ్వింది. ఆమె నవ్వు చూసి పెరట్లోంచి పరిగెత్తుకొచ్చిన అత్తగారు, అత్తగారిని చూసి మిగతావాళ్ళు. ఆఖరికి ఆయనకు కూడా తప్పలేదు. అల్లుడి చొక్కా వేసుకుని, లుంగీ కట్టుకుని వరండాలో కూర్చుని వేడివేడి టీ తాగాడు. "మొండోణ్ణి నేనేలే" అని ప్లంబర్‌తో ఒప్పేసుకున్నాడు కూడా.

ప్లంబర్ ఇత్తడి మరలున్న కొత్త ఎల్బో అతికించి, జిగురు ఆరేదాకా ఆగి, కుళాయి చోట ఒక బిరడా బిగించి, ఈసారి తనే స్వయంగా పెరట్లోకి వెళ్ళి వాల్వు తెరిచాడు. సాయంత్రం వరకూ చూశారు. చుక్క లేదు. అప్పుడు కుళాయి బిగించి, టైలు అతికించి, రేపటిదాకా గోడ తడపొద్దని చెప్పి వెళ్ళాడు. పడకగది గోడ మాత్రం బాగా ఆరాకే సున్నం వేయాలన్నాడు. దానికి గడియారాలాయన భార్య అక్కడికక్కడే ఇంకో తేదీ వేసేసింది.

సోమవారం పొద్దున్న అల్లుడు తీరిగ్గా, పాట పాడుకుంటూ స్నానం చేశాడు. పెరట్లో అత్తగారు పీట మీద కాసేపు ఊరికే కూర్చుంది. వాల్వు తెరిచే ఉంది. చేయడానికేమీ లేదు. లేచి, పీట లోపల పెట్టేసి, కూతురితో, "ఇల్లు బోసిపోయినట్టుందే" అంది.

అంతలో వీధి గుమ్మంలో గడియారాలాయన భార్య నిలబడి పిలిచింది. "వదినగారూ, పార్కు దాకా నడుద్దాం వస్తారా? మీ చేత్తో ఆయన్ని తడిపిన సంగతి మళ్ళీ ఒకసారి మొదట్నుంచి చెబుదురుగాని."

అత్తగారు చెప్పులేసుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ వీధి మలుపు తిరిగారు.